శుక్లం ఆపరేషన్ ఉచితమే, మరి కూలి మాటేమిటి?

ప్రశ్న: నేను తాపీ పని చేస్తాను. వినుకొండ దాటి పది కిలోమీటర్లు లోపలికి మా ఊరు. పని ఉన్న రోజు 900 వస్తుంది. నా భార్య మిరప కోతలకి వెళ్తోంది, రోజుకి 400. మా అమ్మకి 66 ఏళ్లు, పదేళ్లుగా సుగర్. రెండు కళ్లకీ శుక్లాలు వచ్చాయి. కుడి కన్ను బాగా ముదిరిపోయింది, ఎదురుగా చెయ్యి ఊపితే తెలుస్తుంది, అంతే. పోయిన నెల మెట్టు దిగుతూ పడింది. అప్పటినుంచి ఆమెని ఒంటరిగా వదల్లేక నా భార్య వారానికి రెండు రోజులు కోతలు మానుకుంటోంది. నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అడిగితే కంటికి 24 వేలు అన్నారు. పరీక్షలు, మందులు విడిగా. తెలిసినాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తానన్నాడు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే కానీ వాళ్లమ్మకి చేయించడానికి రెండు నెలలు తిరిగానని మా బావమరిది అంటున్నాడు. గుంటూరు వైపు ట్రస్టు ఆసుపత్రి ఉందంటారు గానీ అక్కడికి మనిషికి పోనూ రానూ 300 అవుతుంది, నా కూలీ పోతుంది. అన్నీ కలుపుకుంటే ప్రైవేటుకీ వీటికీ పెద్ద తేడా ఉండదేమో అనిపిస్తోంది. పైగా ఉచితంగా వేసే లెన్సు నాసిరకమని ఊళ్లో అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: కూలి మీద బతికే ఇంట్లో ‘ఉచితం’ అన్న మాటని అనుమానంగా చూడటం సబబే. కొన్ని జబ్బుల్లో మీరు భయపడినట్టే జరుగుతుంది కూడా. నెలల తరబడి వారం వారం తిరగాల్సిన వైద్యంలో బస్సు చార్జీలు, పోయిన కూలి కలిసి ప్రైవేటు బిల్లుని దాటిపోతాయి. శుక్లం ఆపరేషన్ అలాంటిది కాదు. ఇది ఒక్కసారి చేసేది, ముందూ వెనకా ఎన్నిసార్లు వెళ్లాలో లెక్క తెలిసినది. కాబట్టి కాగితం మీద పెట్టి చూడొచ్చు. మీరు చెప్పిన అంకెలతోనే వేద్దాం. మీరు చెప్పని చోట నేను మామూలుగా అయ్యే ఖర్చు ఉజ్జాయింపుగా వేస్తాను, మీ దగ్గర అసలు రేటు తెలిస్తే దాన్ని మార్చుకోండి.

ముందు ఒక కంటికి ఎన్ని రోజులు పడుతుందో చూడండి. మొదటి రోజు చూపు పరీక్ష, కంటిలో ఒత్తిడి కొలవడం, చుక్కలు వేసి కంటిపాప పెద్దదయ్యాక లోపల రెటీనా చూడటం. ఆ చుక్కలు పనిచేయడానికే అరగంటకు పైగా పడుతుంది, ఆ తర్వాత కొన్ని గంటలు చూపు మసగ్గా ఉంటుంది కాబట్టి తోడు మనిషి తప్పదు. సుగర్, బీపీ, రక్త పరీక్షలు, ఈసీజీ, లోపల వేసే లెన్సు ఎంత పవరు ఉండాలో కొలిచే పరీక్ష అదే రోజు అయిపోవచ్చు, మరో రోజుకి పడొచ్చు. ఆపరేషన్ అరగంటలోపు పని. మత్తు కన్ను వరకే ఇస్తారు. మర్నాడు కట్టు విప్పి చూస్తారు. తర్వాత వారానికి ఒకసారి, నెలా నెలన్నరకి ఒకసారి చూపించుకోవాలి. ఆ ఆఖరిసారి అద్దాలు రాసిస్తారు. అన్నీ సజావుగా సాగితే అయిదు రోజులు. ఇది మూడు చోట్లా ఒకటే. ఇంటికొచ్చాక మొదటి వారం గంట గంటకో, రెండు గంటలకో చుక్కలు వేయడం, నెలపాటు పొయ్యి పొగకీ దుమ్ముకీ దూరంగా ఉంచడం, మిరపకాయల దగ్గరికి రానివ్వకపోవడం కూడా ఎక్కడ చేయించినా తప్పనివే. అందుకని ఆపరేషన్ తర్వాత ఇంట్లో పోయే కూలిని ఏ ఆసుపత్రి ఖాతాలోనూ వేయకండి. తేడా వచ్చేది ఈ అయిదు రోజుల మీద ఎన్ని రోజులు అదనంగా పడతాయి, ఆపరేషన్ తేదీ దొరికేదాకా ఎన్ని వారాలు ఆగాలి అన్న రెండు చోట్లే.

మీ లెక్కలో నాకు కనిపించిన మొదటి సంగతి, తోడు వెళ్లేది మీరే అనుకుని 900 చొప్పున వేసుకోవడం. అత్తని కోడలు తీసుకెళ్తే పోయేది 400. మరో మాట, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంటే చాలు. సూపర్ లగ్జరీలాంటి వాటిలో చెల్లదు. మీ అమ్మగారు, మీ ఆవిడ ఇద్దరూ గుంటూరు వెళ్లొచ్చినా బస్సు చార్జీ సున్నా. ఊరి నుంచి వినుకొండకి ఆటో, అక్కడ దిగాక ఇంకో ఆటో, టీ, భోజనం, ఇంతే. తెలంగాణలో ఇదే వెసులుబాటు మహాలక్ష్మి పేరుతో 2023 డిసెంబర్ నుంచి ఉంది. దూరం అనేసరికి మీకు కలిగిన భయంలో సగం ఇక్కడే తగ్గిపోతుంది. ఆసుపత్రిలో కాగితాలు చదవడం, కౌంటర్ల చుట్టూ తిరగడం ఆవిడకి కష్టమనిపిస్తే మొదటి రోజు ఒక్కదానికి మీరు కూడా వెళ్లండి. మీ పనిలో వరుసగా మూడు రోజులు మానేస్తే ఆ సైటు మీద ఇంకొకరిని పెట్టుకుంటారు, విడిగా ఒక్కరోజు మానితే సర్దుకోవచ్చు. కూలి ఎంత పోయిందన్నదానితో పాటు ఆ పని మళ్లీ దొరుకుతుందా అన్నదీ చూసుకోవాలి కదా.

రెండో సంగతి మీరు రాశారు గానీ లెక్కలోకి తీసుకోలేదు. మీ ఆవిడ వారానికి రెండు రోజులు ఇంట్లో ఉండిపోతున్నారు. అంటే అమ్మకి చూపు రాని ప్రతి వారమూ మీ ఇంటికి 800 ఖర్చవుతోంది. ఏ ఆసుపత్రికీ కట్టకుండానే నెలకి 3,200. ‘రెండు నెలలు తిరిగాను’ అని మీ బావమరిది చెప్పిన మాటకి మీ ఇంట్లో విలువ 6,400 అన్నమాట. ఇది వేయకుండా ఏ పోలికా నిలవదు. ఒక్క జాగ్రత్త, ఈ 800 కోతలు ఉన్నన్నాళ్లే నిజమైన నష్టం. కోతలు ముగిసి పని దొరకని వారాల్లో ఆవిడ ఇంట్లో ఉన్నా కూలి పోయినట్టు కాదు. అలాగే ఎలాగూ ఇంట్లో ఉండే ఆ రెండు రోజుల్లోనే ఆసుపత్రికి వెళ్లగలిగితే ఆ రోజు కూలిని రెండుసార్లు లెక్కేయకండి.

ఇప్పుడు మూడూ వేసి చూద్దాం. ఒక కంటికి, మీ ఆవిడ తోడు వెళ్తే.

ప్రైవేటులో 24 వేలు ప్యాకేజీ. పరీక్షలు, చుక్కల మందులు మరో 3 వేలనుకుందాం. అయిదు రోజుల కూలి 2 వేలు, ఆటోలూ తిండీ 750. వారంలో తేదీ ఇచ్చేస్తారు కాబట్టి ఆగినందుకు పోయేది 800. ఇక్కడికి 30,550. మీరు చేతిలో ఉన్న డబ్బు కట్టడం లేదు, అప్పు తెస్తున్నారు. 27 వేలకి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి 540. మేస్త్రీ పనిలో మిగిల్చి పది నెలలకి తీరుస్తారనుకుంటే వడ్డీయే 5,400. మొత్తం 36 వేల దగ్గర తేలుతుంది. మీ కూలిలో చెప్పాలంటే 40 రోజుల పని. ఇదింకా ఒక కన్నే.

ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్‌కీ లెన్సుకీ డబ్బు లేదు. బయట కొనాల్సి వచ్చే చుక్కలకి 500 వేద్దాం. రోజులు మాత్రం ఎక్కువ పడతాయి. చూపించుకున్న రోజు, పరీక్షలూ ఫిట్‌నెస్ సంతకానికి మరో రోజు, ముందురోజే చేర్చుకుంటే ఆపరేషన్‌కి మూడు రోజులు, ఏదో ఒకటి తక్కువైందని వెనక్కి పంపే రోజు ఒకటి, తర్వాత చూపించుకునేవి రెండు. ఎనిమిది రోజులనుకుంటే కూలి 3,200, ఆటోలూ తిండీ 1,200. రెండు నెలలు ఆగాల్సి వస్తే 6,400. కలిపితే 11,300. ఇందులో సగానికి పైగా ఆగినందుకే పడుతోంది చూడండి. అదే రెండు వారాల్లో తేదీ దొరికితే మొత్తం 6,500కి దిగిపోతుంది. అందుకే ప్రభుత్వాసుపత్రి గురించి పక్క ఊరివాళ్ల అనుభవం మీద ఆధారపడకుండా, ‘ఇప్పుడు చేరితే ఆపరేషన్ ఎప్పటికి పడుతుంది’ అని అక్కడి కంటి విభాగంలోనే అడగండి. డాక్టర్ల సెలవులు, లెన్సుల సరఫరా బట్టి ఆ జవాబు నెల నెలకీ మారుతుంటుంది.

ట్రస్టు ఆసుపత్రికి రెండు దారులున్నాయి, వాటి ఖర్చు వేరు. ఒకటి కంటి శిబిరం. మండల కేంద్రంలోనో పెద్ద ఊళ్లోనో శిబిరం పెట్టి, ఆపరేషన్ అవసరమైన వాళ్లని అదే రోజో, చెప్పిన రోజో తమ బస్సులో తీసుకెళ్తారు. బస, భోజనం వాళ్లదే. ఆపరేషన్ చేసి, మర్నాడు కట్టు విప్పి, మళ్లీ బస్సులో దింపుతారు. చాలాచోట్ల తోడు మనిషి వెళ్లక్కర్లేదు. తర్వాతి పరీక్షకి శిబిరం పెట్టిన చోటికే డాక్టర్లు వస్తారు. మీకు పోయేది మూడు రోజుల కూలి 1,200, ఆటోలకి 450. తర్వాతి శిబిరం నెల తర్వాతే అయితే ఆగినందుకు 3,200. మొత్తం 4,850. రెండో దారి, శిబిరం కోసం చూడకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లడం. చూపించుకోవడం, ఆపరేషన్, కట్టు విప్పడం వరుసగా మూడు రోజుల్లో అయిపోయే అవకాశం ఎక్కువ, అంటే అదంతా ఒకే ప్రయాణం. తర్వాత రెండుసార్లు వెళ్లాలి. కూలి 2 వేలు, ఆటోలూ తిండీ వెయ్యి, చుక్కలకి 300, వారం ఆగినందుకు 800. మొత్తం 4,100. ఆవిడకి బదులు ప్రతిసారీ మీరే వెళ్లి, మీ చార్జీలు మూడుసార్లు కట్టుకున్నా 7,500 దాటదు.

నేరుగా వెళ్లే దారిలో మీరు ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. ట్రస్టు ఆసుపత్రి అనగానే అందరికీ అంతా ఉచితం అనుకుంటారు. మీ వైపు నుంచి అందుబాటులో ఉన్న పెదకాకాని శంకర కంటి ఆసుపత్రిలోనైనా, విజయవాడ తాడిగడపలోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనైనా డబ్బు కట్టేవాళ్ల విభాగం ఉంటుంది, కట్టలేని వాళ్లకి ఉచిత వైద్యమూ ఉంటుంది. కట్టేవాళ్ల డబ్బుతో, దాతల విరాళాలతో కట్టలేని వాళ్లకి చేస్తారు. అంధత్వ నివారణకి 1976 నుంచి నడుస్తున్న జాతీయ కార్యక్రమం కింద ఇలాంటి సంస్థలకి ఆపరేషన్‌కింతని ప్రభుత్వ సాయమూ అందుతుంది. కాబట్టి ఉచితంగా చేయించుకోవడానికి మీ అమ్మగారు గానీ మీరు గానీ మొహమాటపడాల్సిన పనిలేదు. అయితే కౌంటర్ దగ్గర మీరు ఏ వరుసలో నిలబడ్డారన్నదాన్ని బట్టి బిల్లు మారిపోతుంది. రేషన్ కార్డు, ఆధార్ చేతిలో పెట్టుకుని, ఓపీ చీటీ రాయించే ముందే ‘మేం కట్టుకోలేం, ఉచిత విభాగంలో చూపించుకోవాలి, ఏం కాగితాలు కావాలి’ అని అడగండి. కొన్నిచోట్ల శిబిరం నుంచి వచ్చినవాళ్లకే పూర్తి ఉచితం, నేరుగా వచ్చినవాళ్లకి తక్కువ ఫీజు. ఒకవేళ 9 వేలు కట్టమన్నా మీ మొత్తం 13 వేలకి అటూ ఇటూగా ఉంటుంది. అప్పుడు శిబిరం కోసం నెల ఆగడం మేలా, ఇది కట్టడం మేలా అన్నది మీరే చూసుకోవచ్చు.

లెన్సు నాసిరకం అన్న మాటకి జవాబు కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఒక్క మాట మీదే చాలామంది అప్పు చేస్తున్నారు. కంటిలో వేసే లెన్సు ఒకప్పుడు విదేశాల నుంచే వచ్చేది, పేదవాడికి అందని ధర. 1992లో మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రివాళ్లు ఆరోలాబ్ అనే సంస్థ పెట్టి ఇక్కడే తయారుచేయడం మొదలుపెట్టాక ధర ఎన్నో రెట్లు పడిపోయింది. ఉచిత ఆపరేషన్లలో లెన్సు వేయగలగడం దాని వల్లే సాధ్యమైంది. తక్కువ ధరకి కారణం నాణ్యత తగ్గించడం కాదు, లక్షల్లో తయారుచేయడం.

అసలు తేడా ఆపరేషన్ పద్ధతిలో ఉంటుంది. ప్రైవేటులో ఎక్కువగా చేసేది ఫేకో. మూడు మిల్లీమీటర్లలోపు కోత పెట్టి, శుక్లాన్ని లోపలే ముక్కలు చేసి పీల్చేసి, మడత పెట్టిన లెన్సుని ఆ చిన్న సందులోంచి పంపుతారు. ఉచిత విభాగాల్లో ఎక్కువగా చేసేది చిన్న కోత ఆపరేషన్, డాక్టర్లు ఎస్ఐసీఎస్ అంటారు. కోత ఆరేడు మిల్లీమీటర్లుంటుంది, దీనికీ మామూలుగా కుట్టు పడదు. శుక్లాన్ని ఒకే ముక్కగా బయటికి తీస్తారు. ఫేకోలో మొదటి రోజుల్లో చూపు త్వరగా తేటపడుతుంది, అద్దాల పవరు కొంచెం తక్కువ పడుతుంది. అయితే బాగా ముదిరిన శుక్లాలున్న వాళ్ల మీద నేపాల్‌లో రెండు పద్ధతుల్నీ పోల్చి చూసి 2007లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నెలలకి రెండు పద్ధతుల్లోనూ నూటికి 98 మందికి అద్దాలతో మంచి చూపు వచ్చింది. మీ అమ్మగారి కుడి కన్ను మీరు చెప్పినదాన్ని బట్టి ముదిరిన శుక్లమే. గట్టిపడిన శుక్లాన్ని ముక్కలు చేయడానికి ఫేకోలో ఎక్కువ శక్తి వాడాల్సి వస్తుంది, అది నల్లగుడ్డు పొరకి శ్రమ. అలాంటి కంటికి చిన్న కోత ఆపరేషన్ చక్కగా సరిపోతుంది. ఏది చేయాలో చూసిన డాక్టరే చెప్పాలి, కానీ ఉచితంలో అది చేస్తారు కాబట్టి అమ్మకి అన్యాయం చేస్తున్నానేమో అని మీరు బాధపడొద్దు.

డబ్బు కన్నా ముందు చూడాల్సింది ఆమె సుగర్. పదేళ్ల సుగర్ ఉన్నవాళ్లకి రెటీనా దెబ్బతిని ఉండొచ్చు. అలా ఉంటే శుక్లం తీసినా చూపు పూర్తిగా రాదు, ఆపరేషన్ చెడిపోయిందని నింద పడుతుంది. శుక్లం బాగా ముదిరితే లోపల రెటీనా కనపడదు కూడా, అప్పుడు బి-స్కాన్ అనే స్కానింగ్‌తో చూడాలి. అందుకని చిన్న క్లినిక్‌లో కాకుండా రెటీనా డాక్టరు, స్కానింగ్ ఉన్న చోట మొదటి పరీక్ష చేయించడం మంచిది. పెద్ద ట్రస్టు ఆసుపత్రుల్లోనూ గుంటూరు పెద్దాసుపత్రిలాంటి బోధనాసుపత్రుల్లోనూ ఈ వసతులుంటాయి. మీరు వెళ్లిన ప్రైవేటు ఆసుపత్రిలో 24 వేలు చెప్పే ముందు రెటీనా చూశారా, దాని గురించి ఏమన్నారు అన్నది గుర్తు తెచ్చుకోండి.

ఉత్తపుణ్యానికి పోయే ప్రయాణాలకి కూడా ముఖ్య కారణం సుగరే. ఆపరేషన్ రోజు పొద్దున సుగర్ ఎక్కువ ఉందని వెనక్కి పంపితే మీకు ఒక రోజు కూలి, ఆమెకి ఒక నెల పోతాయి. శిబిరంలోనైతే బస్సు ఎక్కించకుండానే ఆపేస్తారు. ఈ వారమే మీ ఊరి హెల్త్ క్లినిక్‌లోనో, పీహెచ్‌సీలోనో పరగడుపున, తిన్న రెండు గంటలకీ సుగర్ చూపించండి. బీపీ కూడా. ఎక్కువగా ఉంటే డాక్టరు మందు సర్దుతారు, అది దారికి రావడానికి పట్టే రోజులు ఎలాగూ మీకు శిబిరం కోసమో తేదీ కోసమో ఆగే రోజులే. ఆ చీటీలు, ఆమె వాడే మందుల స్ట్రిప్పులు అన్నీ ఒక సంచిలో పెట్టుకుని వెళ్లండి. కంటిలో నీరు కారడం, పుసి కట్టడం, కాలికి పుండు, దగ్గు, పంటి చీము లాంటివి ఉన్నా ఆపరేషన్ వాయిదా వేస్తారు. అవి ముందే తగ్గించుకుంటే మరో ప్రయాణం తప్పుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెప్తాను. ఈ నెలలోనే వినుకొండ వైపు శిబిరం ఉందేమో ముందు కనుక్కోండి. పీహెచ్‌సీలో కంటి పరీక్షలు చేసే ఆప్తాల్మిక్ ఆఫీసర్‌కి, మీ ఆశా కార్యకర్తకి ఆ తేదీలు తెలిసి ఉంటాయి, ట్రస్టు ఆసుపత్రికి ఫోన్ చేసినా చెప్తారు. పది పదిహేను రోజుల్లో ఉంటే మీకు అన్నిటికన్నా తక్కువలో అయ్యేది అదే. దానిలో కష్టం ఏమిటంటే, సుగర్ ఉన్న పెద్దావిడ తోడు లేకుండా రెండు మూడు రోజులు ఉండాలి. మందులు వేళకి వేసుకోగలరా, ఒక కన్ను కట్టు కట్టి రెండో కన్ను మసకగా ఉన్నప్పుడు రాత్రి బాత్రూమ్‌కి లేస్తే పడకుండా ఉండగలరా అన్నది మీరే ఆలోచించాలి. ఇప్పటికే ఒకసారి పడ్డారు. ఆ భయం ఉంటే తోడు రానిస్తారా అని అడగండి, లేదంటే నేరుగా వెళ్లే దారి చూడండి. నేరుగా వెళ్తే మీ ఆవిడ మూడు రోజులు ఊరు వదలాలి, పిల్లల్ని ఎవరు చూస్తారన్నది చూసుకోవాలి. రాత్రి తోడు మనిషికి పడుకునే చోటుందో లేదో కూడా ముందే ఫోన్‌లో అడగాలి, ఎందుకంటే లాడ్జి తీసుకుంటే ఈ లెక్క మారిపోతుంది.

ప్రభుత్వాసుపత్రిని పక్కన పెట్టేయమని నేను చెప్పను. ఆమెకి గుండె జబ్బో, సుగర్ అదుపులోకి రాకపోవడమో బయటపడితే, ఫిజీషియను, ఐసీయూ అందుబాటులో ఉన్న బోధనాసుపత్రే ఆమెకి భద్రం. అప్పుడు ఎనిమిది రోజులైనా పదైనా తిరగాలి. ప్రైవేటు అర్థం లేనిదనీ అనను. తోడు మనిషి దొరకక, దగ్గర్లో పూటలో చూపించుకుని రావాల్సిన వాళ్లకి, చేతిలో డబ్బుండి అప్పు అక్కర్లేనివాళ్లకి, ఆరోగ్య బీమా ఉన్నవాళ్లకి అది సరిపోతుంది. ఆపరేషన్ తర్వాత నాలుగో రోజు ఏదైనా తేడా వస్తే గంటలో చూపించుకోగలగడం దానిలో నిజమైన సుఖం. మీ విషయంలో ఆ సుఖానికి ధర దాదాపు 30 వేలు, అదీ వడ్డీతో. మీరు దాని వైపే మొగ్గితే మాత్రం డబ్బు కట్టకముందు ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఏదైనా వస్తుందా అని అక్కడి వైద్యమిత్రని అడగండి. 24 వేలలో ఏ పద్ధతి, ఏ లెన్సు, ఎన్నిసార్లు చూస్తారు అన్నది కాగితం మీద రాయించుకోండి.

ఏది ఎంచుకున్నా కోతలు అయిపోయాక చూద్దామని మాత్రం ఆగకండి. బాగా ముదిరిన శుక్లాన్ని అలాగే వదిలేస్తే అది ఉబ్బి గానీ, కారి గానీ కంటిలో ఒత్తిడి పెంచొచ్చు. అప్పుడు కన్ను ఎర్రబడి, తలా కన్నూ తీవ్రంగా నొప్పి పుట్టి, వాంతులు అవుతాయి. అలా అయితే తేదీ కోసం చూడకూడదు, అదే రోజు దగ్గర్లో ఉన్న ఏ కంటి డాక్టరు దగ్గరికైనా తీసుకెళ్లాలి. ఆ ఒత్తిడికి నరం దెబ్బతింటే తర్వాత శుక్లం తీసినా పోయిన చూపు తిరిగి రాదు.

ఎడమ కంటి సంగతి కూడా మొదటి రోజే మాట్లాడండి. రెండు కళ్లూ ఒకేసారి చేయరు, మధ్యలో కొన్ని వారాలు ఆగుతారు. మొదటి కంటికి నెలకి చూపించుకునే రోజునే రెండో కంటి పరీక్షలు పెట్టమని అడిగితే ఒక ప్రయాణం కలిసొస్తుంది. కుడి కంటికి చూపు వచ్చి ఆమె ఇంట్లో తన పనులు తను చేసుకోగలిగితే వారానికి పోతున్న ఆ 800 అక్కడితో ఆగిపోతాయి కాబట్టి, రెండో కంటికి తొందరపడి అప్పు చేయాల్సిన అవసరం అసలే ఉండదు.

ట్రస్టుకి గానీ గుంటూరుకి గానీ వెళ్లేట్టయితే ఇంకొక ఏర్పాటు చేసుకోండి. వారానికి చూపించుకునే పరీక్షని వినుకొండలో గానీ నరసరావుపేటలో గానీ ఎక్కడైనా చేయించుకోవచ్చా, ఆ ఆసుపత్రి తరఫు సెంటరు అక్కడ ఏదైనా ఉందా అని ఇంటికి పంపేటప్పుడే అడగండి. డిశ్చార్జి కాగితం మీద ఆపరేషన్ థియేటర్ విభాగం ఫోన్ నంబరు రాయించుకోండి. ఒక 1,500 రూపాయలు విడిగా దాచి ఉంచండి, అది కారు కిరాయికి. మొదటి రెండు వారాల్లో కంటి నొప్పి పెరిగినా, వచ్చిన చూపు మళ్లీ మసకబారినా, ఎరుపెక్కి చీములా కనిపించినా అది లోపల ఇన్‌ఫెక్షన్ కావొచ్చు. అప్పుడు మర్నాటి బస్సు కోసం ఆగకుండా, ముందు ఆ నంబరుకి ఫోన్ చేసి ఆ రాత్రికే బయల్దేరండి.